900కి గది ఇస్తే నష్టమా? ఒక రాత్రికి గది ఖర్చు లెక్క కుదరడం లేదు

గోదావరి_లాడ్జి
రాజమహేంద్రవరంలో స్టేషనుకు దగ్గరగా 20 గదుల లాడ్జి నడుపుతున్నాం, నేనూ మా బావమరిదీ. భవనం లీజుది. రోడ్డు పనులు చేసే ఒక కాంట్రాక్టు సంస్థ వాళ్లు వచ్చి, తమ ఇంజనీర్ల కోసం ఆషాఢం, శ్రావణం రెండు నెలలూ 5 గదులు అడిగారు. గదికి ఒకరే ఉంటారు. ఉదయం టిఫినుతో కలిపి రోజుకు 900 ఇస్తామన్నారు, పన్ను అదనం. మా అద్దె సగటున 1,500.

బావమరిది ఒప్పుకోవడం లేదు. అతని లెక్క ఇది. నెలకు లీజు 1,20,000. జీతాలు 1,10,000. గదుల్లో ఎవరూ లేకపోయినా వచ్చే కరెంటు 22,000. ఇంటర్నెట్, టీవీ, లైసెన్సులకు 8,000. మరమ్మతులు, రంగులు, అప్పు వడ్డీ కలిపి 40,000. మొత్తం 3 లక్షలు. నెలకు సగటున 300 గది-రాత్రులు నిండుతాయి కాబట్టి ఒక్కో రాత్రి మీద 1,000 పడుతుంది. దానికి గది నిండితేనే అయ్యే ఖర్చు 320: దుప్పట్ల ఉతుకు 70, సబ్బులు, నీళ్ల సీసాలు 45, కరెంటు 100, ఫినాయిలు వగైరా 15, టిఫిను 90. వెరసి 1,320. "1,320 పెట్టి 900కి అమ్మితే రాత్రికి 420 చేతి చమురు" అంటున్నాడు.

పైగా ఆషాఢంలో మాకు 200 రాత్రులే నిండుతాయి. అప్పుడు ఖర్చు 1,820 అవుతోంది కాబట్టి ఆ నెల అద్దె 2,000 చేయాలట! నాకు ఇది ఎక్కడో తేడాగా ఉంది, కానీ లెక్కలో తప్పు పట్టలేకపోతున్నాను.

సుబ్బు_వరంగల్
తప్పు భాగహారంలో ఉంది. మీకు నెలకు 20 × 30 = 600 గది-రాత్రులు ఉన్నాయి. 3 లక్షలను 600తో భాగించాలి, 300తో కాదు. 500 + 320 = 820. 900కి ఇస్తే 80 లాభం. ఇచ్చేయండి.

ఫ్రంట్_డెస్క్
సుబ్బు గారూ, ఖాళీ గది మీద వేసిన 500 ఎవరు కడతారు? ఆ 300 ఖాళీ రాత్రుల మీద లక్షన్నర లీజూ జీతాలూ గాల్లో ఉండిపోయాయి కదా. ఖాళీ గది అద్దె కట్టదు. భాగించాల్సింది నిండిన రాత్రులతోనే.

సుబ్బు_వరంగల్
గది కట్టి పెట్టాక ఖర్చు అన్ని గదులదీ కాదా? ఎవరూ రాలేదని ఆ గది లీజు వచ్చిన అతిథి నెత్తిన వేస్తామా?

పద్దుపుస్తకం
ఇద్దరూ ఒకే లెక్కతో రెండు ప్రశ్నలకు జవాబు చెప్పాలని చూస్తున్నారు. ఇరవై ఏళ్లకు పైగా హోటళ్ల ఖాతాలే రాస్తున్నాను కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

నిండిన రాత్రికి 1,320 అన్నది గది స్వభావం కాదు, ఆ నెల గదులు ఎంత నిండాయన్నదాని స్వభావం. 200 నిండితే 1,820, 300 నిండితే 1,320, 420 నిండితే 1,034. గదిలో వాడిన సబ్బు అదే, ఉతికిన దుప్పటి అదే. మారింది 3 లక్షలను ఎంతమంది పంచుకున్నారన్నది మాత్రమే. ఈ అంకె ఏడాది మొత్తం మీద నా సగటు అద్దె నన్ను నిలబెడుతుందా అని చూసుకోవడానికి పనికొస్తుంది. ఈ 5 గదులు ఇవ్వాలా వద్దా అన్నదానికి పనికిరాదు.

ఇంజనీర్లు వచ్చినా రాకపోయినా ఆషాఢంలో లీజు 1,20,000 కట్టాల్సిందే. వాళ్లు వస్తే కొత్తగా పెరిగే ఖర్చు ఎంత, వచ్చే డబ్బు ఎంత, వాళ్ల వల్ల ఎవరిని తిప్పి పంపాల్సి వస్తుంది: ఈ మూడే చూడాలి.

అద్దె 2,000 చేయడం మాత్రం అసలు వద్దు. 2,000 చూసి 50 రాత్రులు తగ్గి 150కి వచ్చారనుకోండి. 3 లక్షలు 150 మీద పడితే 2,000, దాని మీద 320. ఖర్చు 2,320 అవుతుంది. అప్పుడు అద్దె 2,500 చేస్తారా? గిరాకీ లేని నెలలో ఖర్చును తరుముకుంటూ అద్దె పెంచుకుంటూ పోతే చివరికి మీరూ వాచ్‌మనూ మిగులుతారు.

అరకు_కొండమీద
ఈ 2,000 ముచ్చట మా దగ్గర కళ్లారా చూశాను. మా పక్క రిసార్టు వాళ్లు వానాకాలంలో ఇలాగే పెంచారు. వచ్చిన కాసిని పర్యాటకులూ అక్కడ బేరం కుదరక కిందకు, మా దగ్గరకు దిగారు. మాకు మేలే జరిగింది.

మాకు అక్టోబరు చివరి నుంచి జనవరి దాకానే సందడి. ఆ మూడు నెలల్లో ఏడాది లీజు సంపాదించాలి. వానాకాలంలో పై అంతస్తు మూసేస్తాం.

గోదావరి_లాడ్జి
మూసేస్తే ఎంత మిగులుతుంది?

అరకు_కొండమీద
అనుకున్నంత కాదు. వరండా దీపాలు, ఒక రూమ్ బాయ్ జీతం, ఆ అంతస్తు గీజర్ల ఖర్చు తగ్గుతాయి. లీజు పైసా తగ్గదు. మూసిన గదుల్లో చెమ్మ పట్టి, సీజను ముందు రంగులకు మళ్లీ ఖర్చు. ఇప్పుడు వారానికి రెండుసార్లు తలుపులు తెరిచి ఫ్యాన్లు వేయిస్తున్నాం.

టిఫిన్_కేంద్రం
టిఫినుకు 90 ఎక్కువ కదా! నాలుగు ఇడ్లీ, చట్నీ, సాంబారు, కాఫీ మాకు సరుకు ఖర్చు 30 దాటదు. ఇద్దరికీ కలిపి 60. మీ వంటవాడిని గమనించండి.

గోదావరి_లాడ్జి
మాకు వంటగది లేదు. ఎదురు హోటలు నుంచి తెప్పిస్తాం, ప్లేటు 45. గదికి ఇద్దరు అని 90 వేశాను.

పద్దుపుస్తకం
టిఫిన్ కేంద్రం గారు అడిగింది వేరైనా మంచి సంగతి బయటపడింది. సొంత వంటగది ఉంటే వంటవాడి జీతం స్థిర ఖర్చులోకి పోతుంది, బియ్యం, పప్పు, గ్యాసు మాత్రమే గదితో మారతాయి. బయట నుంచి ప్లేటు లెక్కన తెప్పిస్తే మొత్తం మారే ఖర్చే. రద్దీ నెలల్లో సొంత వంట చవక, ఖాళీ నెలల్లో ఎదురు హోటలు చవక. ఒకే ఇడ్లీ ఒక లాడ్జిలో 30, ఇంకో లాడ్జిలో 45 అంటే ఒకరు దుబారా చేస్తున్నారని కాదు.

ఇంజనీర్లు గదికి ఒకరే అన్నారు కాబట్టి మీ టిఫిను 45 మాత్రమే. కానీ ఆదివారాలు ఇంటి నుంచి ఎవరో వస్తారు, సైటు నుంచి ఇంకొకరు వచ్చి పడుకుంటారు. నేనైతే 90 అలాగే ఉంచి లెక్క వేస్తాను.

లినెన్_లక్ష్మి
దుప్పట్లు 70 ఎలా వచ్చింది? రోజూ మారుస్తారా?

గోదావరి_లాడ్జి
దుప్పట్లు రెండు, ఒక్కోటి 18. దిండు గలీబులు రెండు, ఒక్కోటి 5. తువ్వాళ్లు రెండు, ఒక్కోటి 12. వెరసి 70. మా అతిథులు ఎక్కువమంది ఒక్క రాత్రి ఉండేవాళ్లే కాబట్టి రాత్రికో జత.

లినెన్_లక్ష్మి
అయితే ఇంజనీర్లకు 70 పడదండీ. ఉతుకు ఖర్చు రాత్రిని బట్టి రాదు, గది ఖాళీ చేసినప్పుడల్లా వస్తుంది. నెలంతా ఉండేవాళ్లకు మేం మూడు రోజులకొకసారి దుప్పట్లు, రెండు రోజులకొకసారి తువ్వాళ్లు మారుస్తాం. సగటున రాత్రికి 30 లోపే అవుతుంది. సబ్బులు కూడా అంతే, ఒకసారి పెద్ద సబ్బు పెడితే సరి.

ఇంకొకటి. మీ జాబితాలో కొత్త దుప్పట్లు కొనే ఖర్చు ఎక్కడుంది? మరమ్మతుల్లో కలిపేశారా? అది స్థిర ఖర్చు కాదు. మా దగ్గర కాటన్ దుప్పటి నూటికి పైగా ఉతుకులు తట్టుకుంటుంది, ఆ తర్వాత మధ్యలో పలచబడి చిరుగుతుంది. 600 పెట్టి కొన్నదాన్ని 120 ఉతుకులకు పంచితే ఉతుకుకు 5. గది నిండే కొద్దీ దుప్పటి అరుగుతుంది.

సుబ్బు_వరంగల్
ఐదు రూపాయల కోసం ఇంత లెక్కా?

లినెన్_లక్ష్మి
జతకు రెండు దుప్పట్లు, అంటే పది రూపాయలు. నెలకు 300 రాత్రులు, ఏడాదికి 36,000. మీకు వద్దంటే మాకు పంపండి.

పద్దుపుస్తకం
లక్ష్మి గారు చెప్పినది ముఖ్యం. గది నిండితే అయ్యే ఖర్చు అంతా రాత్రి లెక్కన పెరగదు. కరెంటు, టిఫిను, నీళ్లు రాత్రితో పెరుగుతాయి. ఉతుకు, పూర్తి శుభ్రత అతిథి మారినప్పుడల్లా వస్తాయి. మూడో రకం అద్దెతో పెరిగేది. అది ఈ జాబితాలో అసలు కనబడలేదు, అందుకే అడుగుతున్నాను. బుకింగ్ యాప్‌ల కమిషన్ ఎక్కడ?

గోదావరి_లాడ్జి
యాప్‌ల వాళ్లు కోసుకుని మిగతాది బ్యాంకులో వేస్తారు. పడిన సొమ్మే జమ రాస్తున్నాం. సగం బుకింగులు యాప్‌ల నుంచే వస్తాయి. కమిషన్ 20 శాతం, దాని మీద జీఎస్టీ.

పద్దుపుస్తకం
చిన్న హోటళ్లలో పది ఖాతాలు చూస్తే ఎనిమిదింట్లో ఇలాగే ఉంటుంది. చేతికి రాకముందే కోసేసిన డబ్బు ఖర్చుల పుస్తకంలో కనబడదు, కాబట్టి ఖర్చే కాదనిపిస్తుంది.

1,500 గదికి కమిషన్ 300, దాని మీద 18 శాతం పన్ను 54. వెరసి 354. యాప్ నుంచి వచ్చిన గది మీద మీకు మిగిలేది 1,500 − 354 − 320 = 826. కౌంటరు దగ్గరకు నేరుగా వచ్చిన గది మీద 1,180. సగం సగం కాబట్టి సగటున 1,003. మీ స్థిర ఖర్చు 3 లక్షలను ఈ 1,003తో భాగించండి, 299 వస్తుంది. అంటే నెలకు సుమారు 300 రాత్రులు నిండితే లాభమూ లేదు, నష్టమూ లేదు. మీ ఏడాది సగటు కూడా 300 అన్నారు.

గోదావరి_లాడ్జి
అందుకేనా నెలాఖరుకు ఖాతాలో ఏమీ మిగలడం లేదు! బావమరిదికి ఇది చూపిస్తాను. లాభం రాత్రికి 180 అని ఇద్దరం నమ్ముకుని ఉన్నాం.

పన్ను_గుమాస్తా
ఆ 54 సంగతి ఒక మాట. 2025 సెప్టెంబరు 22కు ముందు 7,500 లోపు అద్దె గదులకు జీఎస్టీ 12 శాతం ఉండేది, కొనుగోళ్ల మీద కట్టిన పన్నును తిరిగి మినహాయించుకునే వీలుండేది. ఇప్పుడు 5 శాతం, కానీ ఆ మినహాయింపు లేదు. కమిషన్ మీద 54, జీఎస్టీ బిల్లు ఇచ్చే లాండ్రీ అయితే దాని పన్ను, కొత్త ఏసీ కొంటే దాని పన్ను, అన్నీ మీ ఖర్చే. అతిథికి బిల్లు తగ్గింది, మీ ఖర్చు పట్టికలో ప్రతి వరుసా కొంచెం పెరిగింది. పాత పట్టికనే వాడుతున్నవాళ్లు అంకెలన్నీ పన్నుతో కలిపి మళ్లీ రాసుకోవాలి.

గోదావరి_లాడ్జి
మా లాండ్రీ ఆయన చాకిరేవు నడుపుకునే మనిషి, జీఎస్టీ లేదు. మిగతావి పన్నుతోనే రాశాను.

దుబాయ్_డెస్క్
ఇక్కడ మేం దీన్ని సీపీఓఆర్ అంటాం, అతిథి ఉన్న ఒక్కో గదికి ఖర్చు. కానీ మా దగ్గర అందులో లీజు, వడ్డీ వేయరు. గదుల విభాగం ఖర్చు మాత్రమే: హౌస్‌కీపింగ్ జీతాలు, లినెన్, సబ్బులు, కమిషన్. పక్క హోటలుతో పోల్చుకోవడానికి అదే వీలు. లీజు కట్టేవాడినీ సొంత భవనం ఉన్నవాడినీ ఒకే గాటన కట్టలేం కదా.

ఫ్రంట్_డెస్క్
పోల్చుకోవడానికి సరే. కానీ యజమాని లీజు కట్టకుండా ఉండలేడు. ఎవరైనా "మా ఖర్చు గదికి 600" అంటే ముందు ఏమేమి కలిపారో అడగాలి.

అరకు_కొండమీద
కరెంటు 100 అన్నారు. ఎలా విడదీశారు? మాకు ఒకటే మీటరు, లిఫ్టు, బోరు మోటారు, గదులు అన్నీ కలిపే బిల్లు వస్తుంది.

గోదావరి_లాడ్జి
మాకూ ఒకటే మీటరు. నవంబరులో 240 రాత్రులు నిండాయి, 3,780 యూనిట్లు కాలాయి. డిసెంబరులో 380 రాత్రులు, 4,900 యూనిట్లు. 140 రాత్రులకు 1,120 యూనిట్లు పెరిగాయి, అంటే రాత్రికి 8. నవంబరులో 240 × 8 తీసేస్తే 1,860 యూనిట్లు గదులతో సంబంధం లేనివి. మాకు అన్నీ కలిపి యూనిట్ సుమారు 10 పడుతోంది. రాత్రికి 80 వచ్చింది, వేసవి కలుపుకుని 100 వేశాను.

పద్దుపుస్తకం
మంచి పద్ధతి. నవంబరు, డిసెంబరు పక్కపక్క నెలలు తీసుకోవడం ఇంకా మంచిది. చాలామంది ఏడాదిలో ఎక్కువ నిండిన నెలనూ తక్కువ నిండిన నెలనూ తీసుకుంటారు. ఒకటి ఎండాకాలంలో, ఇంకొకటి చలికాలంలో పడితే ఏసీ వల్ల పెరిగిన యూనిట్లు అతిథుల వల్ల పెరిగినట్టు కనబడతాయి. మే నెల అంకెలు ఉన్నాయా?

గోదావరి_లాడ్జి
మే నెలలో 300 రాత్రులు, 6,300 యూనిట్లు.

పద్దుపుస్తకం
1,860 తీసేస్తే 4,440. రాత్రికి దాదాపు 15 యూనిట్లు, 150 రూపాయలు. రిసెప్షన్ ఏసీ కూడా వేసవిలో ఎక్కువ తిరుగుతుంది కాబట్టి అసలు అంకె దీనికి కాస్త తక్కువే ఉంటుంది. చలికాలం 80కీ వేసవి 150కీ మధ్య తేడా పెద్దది. ఆషాఢంలో రాజమండ్రి ఉక్క సంగతి మీకే తెలుసు, ఇంజనీర్ల గదికి 120 వేసుకోండి.

ఇంకా ఖచ్చితంగా కావాలంటే రోజూ ఉదయం ఒకే వేళకు మీటరు రీడింగ్ తీసి, పక్కనే నిన్న రాత్రి ఎన్ని గదులు నిండాయో రాయించండి. నెల తిరిగేసరికి 5 గదుల రోజుకూ 18 గదుల రోజుకూ తేడా మీకే కనబడుతుంది. వాతావరణం ఒకటే కాబట్టి అంకె నమ్మదగ్గది.

అరకు_కొండమీద
మాకు తలకిందులు. మేలో ఏసీ అక్కర్లేదు, డిసెంబరు చలికి గీజర్లు రోజంతా. మీ అంకెలు చూసి నేను వేసుకుంటే మునిగినట్టే.

రాత్రి_కాపలా
జనరేటరు డీజిలు ఎందులో వేస్తారు? గది నిండితే అయ్యే ఖర్చా, స్థిర ఖర్చా?

సుబ్బు_వరంగల్
స్థిరం. కరెంటు పోయేది అతిథులను అడిగి కాదు కదా.

ఫ్రంట్_డెస్క్
ఒక్క అతిథి ఉన్నా జనరేటరు వేయాలి, ఎవరూ లేకపోతే వేయక్కర్లేదు. నేను రెండింటికీ చెందదంటాను.

లినెన్_లక్ష్మి
ఇంతకీ 300 రాత్రులు నిండాయని ఎలా లెక్కపెడుతున్నారు? మాది 24 గంటల చెకౌట్ లాడ్జి. ఉదయం 6కు దిగినవాళ్లు మర్నాడు 6కు పోతారు, అదే గదికి 8కి ఇంకొకరు వస్తారు. పగటి పూట నాలుగు గంటలకు ఇచ్చే గదులు వేరే. క్యాలెండరు రాత్రి లెక్క వేస్తే అంకె తగ్గుతుంది, బిల్లుల లెక్క వేస్తే పెరుగుతుంది.

గోదావరి_లాడ్జి
మాదీ 24 గంటలే. బిల్లుల లెక్కే వేస్తున్నాం. స్టేషను పక్కన కాబట్టి స్నానాలకు దిగి మధ్యాహ్నం పోయేవాళ్లు కూడా ఉంటారు.

లినెన్_లక్ష్మి
వాళ్లకు అద్దె సగమే తీసుకున్నా జత దుప్పట్లు మొత్తం ఉతకాలి. బంధువులకు ఊరికే ఇచ్చిన గది కూడా అంతే, అద్దె రాదు, ఉతుకు వస్తుంది.

మేం ఒక పని చేస్తాం. లాండ్రీ పద్దులో నెలకు ఎన్ని దిండు గలీబులు వెళ్లాయో చూసి, గది రిజిస్టరుతో సరిచూస్తాం. దుప్పటి ఒక్కోసారి మార్చకుండా సర్దేస్తారు, గలీబు మాత్రం కొత్త మనిషి వస్తే తప్పకుండా మారుస్తారు, తల నూనె మరక దాచలేరు కాబట్టి. రిజిస్టరులో 300 బిల్లులు ఉండి పద్దులో 700 గలీబులు ఉంటే, ఆ 50 జతల మీద ఎవరు పడుకున్నారో అడగాలి. ఒకసారి రాత్రి షిఫ్టు మనిషి రిజిస్టరు ఎక్కకుండా గదులు ఇస్తున్న సంగతి మాకు ఇలాగే దొరికింది.

గోదావరి_లాడ్జి
అమ్మో! ఈ నెల పద్దు తీస్తున్నాను.

ఫ్రంట్_డెస్క్
అసలు ప్రశ్నకు రండి. ఆ 5 గదులు ఇవ్వాలా?

పద్దుపుస్తకం
ఇంజనీర్ల గది ఖర్చు: ఉతుకు 30, సబ్బు, నీళ్లు 25, కరెంటు 120, ఫినాయిలు 15, టిఫిను 90. వెరసి 280. కమిషన్ లేదు. 900లో 620 మిగులుతుంది. యాప్ నుంచి 1,500కి వచ్చిన గదిలో 826 మిగులుతోందని గుర్తుపెట్టుకోండి. చూడటానికి 600 తేడా ఉన్నా, చేతిలో మిగిలేదాంట్లో తేడా 206 మాత్రమే.

ఇక రెండు నెలలనూ వేరువేరుగా చూడాలి. ఆషాఢంలో పెళ్లిళ్లు లేవు, మీకు రోజుకు ఏడు గదులు కూడా నిండడం లేదు. ఇంజనీర్లు ఎవరినీ తోసేయరు. 150 గది-రాత్రులు, ఒక్కోదానికి 620, అంటే 93,000. మీ రూమ్ బాయ్‌లు ముగ్గురూ రోజుకు 12 గదులు చేయగలరు, కొత్త మనిషి అక్కర్లేదు.

శ్రావణం వేరు. ముహూర్తాల రాత్రులు ఎన్ని పూర్తిగా నిండుతాయి, అప్పుడు అద్దె ఎంత?

గోదావరి_లాడ్జి
బలమైన ముహూర్తాలు ఉంటే ఆరు రాత్రులు దాకా 20 గదులూ నిండుతాయి. అప్పుడు 1,800 తీసుకుంటాం, అందరూ నేరుగా వచ్చేవాళ్లే. గోదావరికి వరద వస్తే మాత్రం పాపికొండల బోట్లు ఆగిపోయి, యాత్రికులు తగ్గుతారు.

పద్దుపుస్తకం
ఆరు రాత్రులు, 5 గదులు, 30 గది-రాత్రులు. పెళ్లివాళ్ల దగ్గర ఒక్కోదానికి 1,800 − 320 = 1,480 మిగిలేది. 44,400 వదులుకుంటున్నారు. 93,000లో అది తీసేస్తే 48,600. ఆ నెల కూడా ఇవ్వడమే మేలు, కానీ లాభం ఆషాఢంతో పోలిస్తే దాదాపు సగమే. నిండే రాత్రులు ఆరు కాకుండా పన్నెండు అయితే లెక్క దాదాపు సున్నాకు వస్తుంది. కాబట్టి ఆషాఢానికి 900, శ్రావణానికి 1,050 అడగండి.

సుబ్బు_వరంగల్
అంటే నేను ఇవ్వమన్నదే సరైనది!

ఫ్రంట్_డెస్క్
మీరు చేరిన ఊరు సరైనదే, ఎక్కిన బస్సు వేరు. ఆ 820 లెక్కతో వాళ్లు 700 అడిగితే మీరు వద్దనేవారు. 700కి కూడా ఆషాఢంలో 420 మిగులుతుంది.

సుబ్బు_వరంగల్
సరే. కానీ ఈ లెక్కతో అందరికీ 700, 800కి ఇచ్చుకుంటూ పోతే లీజు ఎవరు కడతారు? "ఎలాగూ ఖాళీయే కదా" అని మా ఊళ్లో ఒక లాడ్జి ఏడాదంతా అలాగే అమ్మి మూతపడింది. మీరు మారే ఖర్చు మీద ఎంత వచ్చినా లాభమే అంటున్నారు.

పద్దుపుస్తకం
ఈ మాట నిజం, దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఏడాదికి 36 లక్షల స్థిర ఖర్చు ఎవరో ఒకరు మోయాలి. ఈ ఒప్పందంలో ఆషాఢంలో మాత్రం ఖాళీ గదులు పోతున్నాయి, వచ్చేవాళ్లు మామూలుగా మీ లాడ్జికి రానివాళ్లు, రెండు నెలలకు ముగిసిపోతుంది. ఈ మూడూ ఉన్నాయి కాబట్టే ఇవ్వమంటున్నాను. వీటిలో ఏది లేకపోయినా చూడాల్సింది 280 కాదు, కమిషన్ కూడా కలుపుకున్న ఏడాది అంకె. అది మీకు దగ్గర దగ్గర 1,500.

దుబాయ్_డెస్క్
ఇంజనీర్లు బయట చెప్పేస్తారు. "మాకు 900కే ఇస్తున్నారు" అని పక్క గది అతిథికి తెలిస్తే కౌంటరులో గొడవ.

ఫ్రంట్_డెస్క్
నెలవారీ అద్దె అని బిల్లు వేస్తే గొడవ తక్కువ. రోజు లెక్కన రాయకండి. ఇంకొక విషయం, కాంట్రాక్టు సంస్థలు బిల్లు పెట్టిన నెలన్నరకు డబ్బు వేస్తాయి, కొన్ని వేయవు. మేం ఒక సంస్థ వెనక ఏడాదిగా తిరుగుతున్నాం. పదిహేను రోజుల అద్దె ముందే తీసుకోండి. రాని 900 కన్నా ఖాళీ గది నయం, దానికి 280 ఖర్చు కాదు.

టిఫిన్_కేంద్రం
టిఫిను లేకుండా అడిగి చూడండి. సైటుకు ఉదయం ఆరుకే పోతారు, మీ ఇడ్లీ తినే తీరిక ఉంటుందా?

గోదావరి_లాడ్జి
టిఫిన్ కేంద్రం గారు చెప్పినట్టే అయింది! సాయంత్రం వాళ్ల మేనేజరుతో మాట్లాడాను. టిఫిను వద్దట, 850 ఇస్తారట. ఖర్చు 280 నుంచి 190కి దిగుతుంది, 660 మిగులుతుంది. 900 కన్నా 850 మేలన్నమాట. శ్రావణానికి 1,050 అంటే ఆయన మౌనంగా ఉన్నారు, 950 దగ్గర తెగవచ్చు. అడ్వాన్సు పది రోజులకు ఒప్పుకున్నారు.

బావమరిదికి కమిషన్ లెక్క చూపించాక ఇప్పుడు యాప్‌లన్నీ మానేద్దాం అంటున్నాడు. అది ఇంకో పంచాయతీ.

పద్దుపుస్తకం
మానేయవద్దు. యాప్ అతిథి కూడా 826 మిగులుస్తున్నాడు. రెండోసారి వచ్చినప్పుడు నేరుగా ఫోను చేసేలా కార్డు చేతిలో పెట్టండి, ముహూర్తాల రాత్రుల్లో యాప్‌లో గదులు మూసేయండి. 190లో కరెంటు 120 నా అంచనా మాత్రమే, మొదటి వారం మీటరు రీడింగ్ తీసి ఇక్కడ పెట్టండి.

లినెన్_లక్ష్మి
గలీబుల లెక్క ఏమైంది?

గోదావరి_లాడ్జి
గత నెల 310 బిల్లులు, 668 గలీబులు. 24 జతలు ఎక్కువ. బంధువులకు ఊరికే ఇచ్చినవి 9 రాసి ఉన్నాయి. మిగతా 15 గురించి రేపు రాత్రి షిఫ్టులో నేనే కూర్చుంటున్నాను.

రాత్రి_కాపలా
జనరేటరు డీజిలు ఎవరూ తేల్చలేదు.